‘చెల్లించినచో’నా... ‘చెల్లించనిచో’నా?
అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక ప్రూఫ్‌రీడర్ చూసేవి

‘చెల్లించినచో’, ‘చెల్లించనిచో’. ఈ రెండు మాటల్ని ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. అక్షరాలు అవే, వాటి వరస కూడా అదే. మారిందల్లా ఒక్క గుడి. ‘చ’ మీద ఉంటే డబ్బు కట్టినట్టు, పక్కనున్న ‘న’ మీదికి జరిగితే కట్టనట్టు. కంప్యూటర్‌లో అక్షరదోషాలు పట్టే ఏర్పాటు ఉన్నా దీన్ని పట్టుకోలేదు. ఎందుకంటే రెండూ తప్పులేని తెలుగు మాటలే. పట్టుకోవాల్సింది చదివే మనిషే.

నేను ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. మంగళగిరిలో మా వీధివాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి అద్దె కాగితం దాకా ఏది అచ్చుకు వెళ్లినా ముందు మా ఇంటికొస్తుంది. శుభలేఖలో తప్పు పడితే చుట్టాలు నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు. అద్దె కాగితంలో తప్పు అలా కాదు. సంతకం పెట్టిన రోజున ఎవరికీ కనబడదు, ఇల్లు ఖాళీ చేసే రోజున బయటపడుతుంది. అప్పటికి ఇద్దరి మధ్యా మంచితనం కూడా కాస్త పల్చబడి ఉంటుంది.

ఈ మధ్య నా దగ్గరకొచ్చిన ఒక కాగితాన్ని ముందు పెట్టుకుని చెబుతాను. ఇంటావిడ మగ్గం నేసే మనిషి. వీధి గదిలో గుంట మగ్గం ఉంది. వెనకవైపు రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది అద్దెకిస్తున్నారు. దిగబోయే అమ్మాయి ఒంగోలు నుంచి ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగానికొచ్చిన నర్సు. అద్దె 9,000 రూపాయలు, మూడు నెలల అడ్వాన్సు. ఇద్దరూ మంచివాళ్లే, నోటిమాటగా అన్నీ చక్కగా అనుకున్నారు. డీటీపీ సెంటర్‌లో పాత కాగితం ఒకటి తెరిచి, పేర్లు మార్చి, నాలుగు పేజీలు తీసిచ్చారు.

“ఊరికే ఒకసారి చూడండి అక్కా, స్పెల్లింగులు సరిపోయాయో లేదో” అంది ఇంటావిడ.

స్పెల్లింగులు బాగానే ఉన్నాయి. తప్పులు వేరేచోట ఉన్నాయి.

ముందు తెల్లకాగితం మీద

మొదటి మాట. స్టాంపు పేపరు మీద అచ్చు వేయించకముందే తెల్లకాగితం మీద తీయించుకుని చదవండి. స్టాంపు పేపరు మీదికి ఎక్కాక తప్పు కనిపించినా, ‘మళ్లీ కొత్త పేపరు కొనాలి కదా, పోనీలే’ అనిపిస్తుంది. ఆ ‘పోనీలే’లోనే వస్తుంది తంటా.

రెండోది, ఒక్కరే కళ్లతో చదవకండి. అచ్చాఫీసుల్లో వెనకటికి కాపీ హోల్డర్ అని ఒకరుండేవారు. వాళ్లు పైకి చదువుతుంటే ప్రూఫ్‌రీడర్ కాగితం చూస్తూ సరిపోల్చుకునేవాడు. అద్దె కాగితానికీ అదే పద్ధతి. ఒకరు పైకి చదవాలి, రెండోవారు తమ చేతిలో ఉన్న ప్రతిని వేలుపెట్టి చూసుకుంటూ రావాలి. నేనైతే చిన్న మెలిక పెడతాను. అద్దెకు దిగేవారు కట్టుబడాల్సిన షరతులు ఇంటావిడ చేత, ఇంటావిడ కట్టుబడాల్సినవి అద్దెకు దిగేవారి చేత చదివిస్తాను. ఎదుటివాళ్ల షరతు మన నోటితో చదివినప్పుడు, ‘ఇదేంటి ఇలా ఉంది?’ అన్న సందేహం తొందరగా వస్తుంది.

పేర్ల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు అక్షరం అక్షరం చూడండి. అయితే మొదటి పేజీలో చూసి వదిలేయొద్దు. పాత కాగితంలోంచి తీసింది కాబట్టి మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో పాతవాళ్ల పేరు మిగిలిపోయి ఉంటుంది. ఈ కాగితంలోనూ ఉంది, ఎవరో ఒకాయన పేరు! ‘యజమాని’ అని ఉండాల్సినచోట ‘అద్దెదారు’ పడిందేమో కూడా ప్రతి షరతులో చూడాలి. ఒక్క మాట తారుమారైతే ఇంటిపన్ను కట్టే బాధ్యత అద్దెకున్నవాళ్ల మీద పడుతుంది.

అంకె, అక్షరం కలవాలి

అడ్వాన్సు దగ్గర ‘రూ.27,000 (అక్షరాలా ఇరవై వేల రూపాయలు)’ అని ఉంది. ‘ఏడు’ ఎగిరిపోయింది. ఇద్దరి కళ్లూ అంకె మీదే పడ్డాయి. దాని పక్కన అక్షరాల్లో రాసింది ఎవరూ చదవలేదు. మామూలుగా ఎవరూ చదవరు కూడా.

కానీ తేడా వచ్చినప్పుడు అక్షరాల్లో రాసినదానికే ఎక్కువ విలువ ఇస్తారు. చెక్కుల విషయంలో చట్టమే ఆ మాట చెబుతుంది. మిగతా పత్రాలకు కూడా అర్థం చెప్పుకునేటప్పుడు ఆ పద్ధతినే పాటించడం వాడుక. అంటే ఆ అమ్మాయి ఇల్లు ఖాళీ చేసే రోజున 7,000 రూపాయల దగ్గర మాట పట్టింపు వచ్చేదే.

ప్రూఫులు దిద్దేటప్పుడు అంకెల కోసం విడిగా ఒకసారి చదువుతాం. కథనం జోలికి వెళ్లం, అంకెలు మాత్రమే. మీరూ అలాగే చేయండి. పెన్సిల్‌తో ప్రతి అంకె చుట్టూ సున్నా చుట్టండి. తర్వాత లెక్క కట్టి చూడండి. అద్దె 9,000, మూడు నెలలంటే 27,000. సరిపోయిందా? ఏటా 5 శాతం పెంపు అని ఉంటే మొదటి ఏడాది తర్వాత 9,450 అవుతుంది. ఆ అంకె కూడా కాగితంలో రాయించేయండి. శాతాల దగ్గర ఒకరికి ఒకలా, మరొకరికి మరొకలా అర్థమవుతుంది కానీ, 9,450 అంటే ఇద్దరికీ ఒకటే.

వేళ్లమీద నెలలు

‘1-6-2025 నుండి 31-5-2026 వరకు 11 నెలల కాలమునకు’. ఈ వాక్యం చదివి ఇద్దరూ తలూపారు. నేను వేళ్లమీద లెక్కపెట్టమన్నాను. జూన్ ఒకటి, జూలై రెండు... ఏప్రిల్‌తోనే పదకొండు అయిపోయింది. అంటే 30-4-2026తో ముగియాలి. మే నెలాఖరు వరకంటే పన్నెండు నెలలు. ఏదో ఒకటే నిజం కావాలి. అమ్మాయేమో పదకొండు నెలలు నమ్మి ఏప్రిల్ నెలాఖరుకి సామాను సర్దుకుంటుంది. ఇంటావిడేమో తేదీ చూపించి, ‘మే అద్దె అడ్వాన్సులోంచి పట్టుకుంటాను’ అంటుంది. ఇద్దరి దగ్గరా కాగితమే ఉంది, ఇద్దరిదీ న్యాయమే!

ఈ పదకొండు నెలల వెనక ఒక నమ్మకం ఉంది. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలి, పదకొండు నెలలైతే అక్కర్లేదని అందరూ అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉన్నది అలాంటి మాటే. ఏడాది మించిన లీజులు, ఏడాది లెక్కన అద్దె పెట్టినవి రిజిస్టర్ కావాలంటుంది. చాలా రాష్ట్రాల్లో ఈ లెక్క నడుస్తుంది. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్‌ని సవరించారు. ఏడాది, పదకొండు నెలలు అన్న తేడా తీసేసి, స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ కావాలన్నారు. కాబట్టి ‘పదకొండు నెలలే కదా’ అన్న ధీమా మన దగ్గర పనికిరాదు.

చేయించకపోతే ఏమవుతుంది? రేపు కోర్టుకెళ్తే, ‘నోటీసు గడువు ఇంత, పెంపు ఇంత’ అని ఆ కాగితం చూపించి నిరూపించుకోవడం కష్టమవుతుంది. ఆ మనిషి ఆ ఇంట్లో అద్దెకే దిగిందన్న లాంటి పక్క విషయాలకు మాత్రం కాగితం ఉపయోగపడొచ్చు. ఇక నెలవారీ అద్దె కింద లెక్కేస్తే, వేరే ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ లేనప్పుడు ఖాళీ చేయించడానికి 15 రోజుల నోటీసు చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. కాగితంలో రెండు నెలల గడువు రాయించుకున్న అమ్మాయికి అది ఎంత తేడానో చూడండి.

నా వరకు నేను రిజిస్ట్రేషన్ చేయించమనే చెబుతాను. మంగళగిరిలోనే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఉంది. అద్దె, గడువు చెబితే స్టాంపు డ్యూటీ, ఫీజు ఎంతవుతాయో అక్కడ చెబుతారు. సంతకాలైన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా పత్రం దాఖలు చేయాలన్నది గుర్తుంచుకోండి. అయితే చాలామంది చేయించరని నాకూ తెలుసు. చేయించినా మానినా, అడ్వాన్సు లెక్క తేల్చుకునేటప్పుడు ఇద్దరూ ముందేసుకుని కూచునేది ఈ కాగితాన్నే.

ఒక్క గుడి

ఇక అసలు సంగతికొస్తాను. రెండో పేజీలో ఇలా ఉంది: ‘అద్దెదారు వరుసగా రెండు నెలలు అద్దె చెల్లించినచో, యజమాని నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయించవచ్చును.’

ఇద్దరూ చదివారు. ఇద్దరూ తలూపారు. మనసులో ‘చెల్లించనిచో’ అని ఉంది కాబట్టి కన్ను కూడా అలాగే చదివేసింది. వాక్యం ఎలా ఉండాలో తెలిసినవాళ్లకే ఈ తప్పు కనబడదు. ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే మాత్రం, రెండు నెలలు సక్రమంగా అద్దె కడితే ఇంట్లోంచి వెళ్లిపోవాలి!

ఇంతటి విడ్డూరమైతే ఎవరైనా అచ్చుతప్పేనని ఒప్పుకుంటారు. ఒప్పుకోనివి వేరే ఉంటాయి. ‘గడువుకు ముందే ఖాళీ చేసినను ఒక నెల అద్దె మినహాయించవచ్చును’ అన్న షరతు తీసుకోండి. వీళ్లు అనుకున్నది ‘మినహాయించరాదు’ అని. అమ్మాయి ఉద్యోగం బదిలీ అయితే నష్టపోకూడదని నోటిమాటగా ఒప్పుకున్నారు. కాగితంలో ‘వచ్చును’ పడింది. చదివితే వాక్యం బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడా విడ్డూరం లేదు. అందుకే ప్రమాదం. ‘అప్పుడు మేం అనుకున్నది వేరండీ’ అంటే, రాసుకున్న షరతుకు విరుద్ధంగా నోటిమాటను సాక్ష్యంగా తేవడానికి సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు. 1872 నాటి చట్టంలో ఉన్న ఆ సూత్రమే 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది.

తెలుగులో కాదు, లేదు అన్న అర్థం చాలాసార్లు క్రియ చివర్లో ఒక అక్షరంలోనో, ఒక గుణింతపు గుర్తులోనో దాక్కుని ఉంటుంది. ఇచ్చిన - ఇవ్వని, చేయవచ్చును - చేయరాదు, కట్టినచో - కట్టనిచో. దీనికి నేను చేసే పని ఇది. ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీస్తాను. తర్వాత ఆ షరతును మామూలు మాటల్లో ఎదుటివాళ్లని చెప్పమంటాను. కాగితం చూడకుండా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు. ‘నేను ముందే వెళ్లిపోతే మీరు ఒక నెల డబ్బులు పట్టుకోవచ్చు’ అని ఆ అమ్మాయి పైకి అనేసరికి ఇంటావిడే అడ్డుకుంది. “అదేంటమ్మాయ్, అలా అనుకోలేదు కదా మనం!”

ఇలాంటిదే ఇంకో మాట, ‘బడును’. ‘మరమ్మతులు చేయబడును’, ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడును’. ఎవరు చేస్తారు? ఎప్పుడిస్తారు? కాగితం భాషకు గాంభీర్యం తెచ్చే ఈ ‘బడు’ అసలు మనిషిని మాయం చేసేస్తుంది. ‘బడును’ కనబడినచోటల్లా ‘ఎవరు?’ అని రాసి పెట్టండి. ఈ కాగితంలో దాన్ని ఇలా మార్పించాను: ‘అద్దెదారు ఇల్లు అప్పగించిన 15 రోజులలోగా, బకాయిలు, విరిగిన వస్తువుల ఖరీదు మినహాయించుకుని మిగిలిన అడ్వాన్సును యజమాని తిరిగి ఇవ్వవలెను. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మినహాయింపు చేయరాదు.’ ఆ చివరి వాక్యం చాలా కాగితాల్లో ఉండదు. ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని చెప్పే ఆస్తి బదిలీ చట్టం కూడా మామూలు అరుగుదలను వదిలేస్తుంది. సున్నం వెలిసిపోయిందని అడ్వాన్సులో కోత పెట్టేవాళ్లున్నారు కాబట్టి రాయించుకోవడమే మేలు.

మగ్గం గది ఎవరిది?

అందరూ చదవకుండా తిప్పేసే పేజీ చివరిది. షెడ్యూలు, హద్దులు. నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ఇక్కడ డీటీపీవాళ్లు ఇంటావిడ ఇచ్చిన పాత దస్తావేజులోంచి హద్దులు దించేశారు. తూర్పు వీధి, మిగతా మూడు వైపులా ఇరుగుపొరుగు వాళ్ల పేర్లు. అంతా ఒప్పే, ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అవి మొత్తం ఇంటి హద్దులు! కాగితం ప్రకారం వీధి గది, అందులోని మగ్గంతో సహా అద్దెకిచ్చేసినట్టే. పొట్టపోసుకునే మగ్గం ఉన్న గది మీద ఆమెకు హక్కుందని కాగితంలో ఎక్కడా లేదు.

అదే కాగితంలో ‘సదరు ఇంటి కరెంటు బిల్లు మొత్తం అద్దెదారు చెల్లించవలెను’ అని కూడా ఉంది. మీటరు ఒక్కటే. అంటే మగ్గం గదిలో వెలిగే లైట్ల బిల్లు కూడా అమ్మాయి నెత్తిన. ఒకే పొరపాటు ఇద్దరికీ చెరోవైపు నుంచి తగిలింది.

రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తిని గుర్తుపట్టగలిగేలా వర్ణించమంటుంది. పట్టణంలో ఇల్లైతే ఏ వీధికి ఏ వైపున ఉందో, ఎవరు ఉంటున్నారో, నంబరుంటే ఆ నంబరెంతో రాయాలి. మేము ఇలా మార్పించాం. మొత్తం ఇంటి హద్దులు ఉంచి, దాని కింద ‘పై ఇంటిలో తూర్పు వైపు వీధి గది, అందులోని మగ్గం మినహాయించి, పడమటి వైపునున్న రెండు గదులు, వంటగది, స్నానాలగది. దక్షిణం సందు గుండా రాకపోకలకు అద్దెదారుకు హక్కు కలదు. పంపు నీరు ఇరువురికీ ఉమ్మడి’ అని చేర్చాం. కరెంటుకి వెనక భాగానికి సబ్‌మీటరు పెట్టించుకున్నారు. దిగిన రోజు రీడింగు ఎంతో రాయడానికి ఒక వరస రాయించాం.

మన ఊరివాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పాత కాగితాల్లో ‘మంగళగిరి మునిసిపాలిటీ’ అని ఉంటుంది. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిపి నగరపాలక సంస్థ చేశారు. పాత కాగితంలోంచి దించితే పాత పేరే వచ్చేస్తుంది. ఇంటి నంబరు కూడా పాత దస్తావేజులోది కాకుండా, ఈమధ్య కట్టిన ఇంటిపన్ను రసీదు చూసి సరిపోల్చుకోండి. బ్యాంకులోనో, గ్యాసు కనెక్షన్‌కో చిరునామా రుజువుగా ఈ కాగితం ఇవ్వాల్సి వస్తే నంబరు తేడా ఉంటే వెనక్కి పంపుతారు.

ఖాళీలు, దిద్దుబాట్లు

దిద్దినవన్నీ సరిచేయించాక, స్టాంపు పేపరు మీద అచ్చు తీశాక ఇంకొక్కసారి చదవాలి. దిద్దేటప్పుడు కొత్త తప్పు పడటం మా పనిలో రోజూ ఉండేదే. ఒక వరస సరిచేస్తే పక్క వరస ఎగిరిపోతుంది. పేజీల వరస, ఒక పేజీ చివరి మాట తర్వాతి పేజీ మొదటి మాటతో అతుకుతోందా లేదా చూడండి. స్టాంపు కొన్న తేదీ ఒప్పందం తేదీకి తర్వాతది కాకూడదు.

ఖాళీలు వదలొద్దు. ‘తేదీ ......’, ‘రూ. ......’ అని చుక్కలు ఉన్నచోట అంకె రాయండి, అవసరం లేకపోతే అడ్డంగా గీత కొట్టండి. సంతకం అయ్యాక ఆ చుక్కల్లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. చేత్తో ఒక్క అక్షరం దిద్దినా, వరసల మధ్య ఒక్క మాట ఇరికించినా, దాని పక్కనే ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి. దిద్దుబాటు పక్కన సంతకాలు లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆ పత్రాన్ని తీసుకోకుండా తిప్పి పంపొచ్చు. చట్టంలోనే ఆ అధికారం ఉంది. పాత దస్తావేజుల చివర ఫలానా పేజీ ఫలానా వరసలో కొట్టివేత ఉందని లేఖరులు రాసేవారు. మంచి అలవాటు. ఇప్పటి డీటీపీ కాగితాల్లో అది పోయింది.

ఒప్పందం రెండు ప్రతులు తీశారు కదా అని ఒకటి చదివి రెండోదాన్ని నమ్మొద్దు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రెండో ప్రతి చూడాలి. మా వీధి కాగితంలో మొదటి ప్రతిలో చేత్తో రాసిన మీటరు రీడింగు రెండో ప్రతిలో రాయడం మరిచారు. ఇంటావిడ అక్కడికక్కడే లేచి, సందులోకి వెళ్లి మీటరు చూసొచ్చింది. అమ్మాయి అంకె రాసింది. ఇద్దరూ పక్కనే పొట్టి సంతకాలు పెట్టారు. ఆ తర్వాతే ప్రతి పేజీ కిందా పూర్తి సంతకాలు పెట్టి, సాక్షుల్ని పిలిచారు.